పత్తి చేను బొమ్మలో మందు డబ్బా: డ్రాయింగ్ సారు ఎక్కడిదాకా పోవచ్చు?

ప్రశ్న: నాగర్‌కర్నూల్ దిక్కు జిల్లా పరిషత్ హైస్కూల్‌ల డ్రాయింగ్ చెప్తున్న. ‘మా చేను’ అని బొమ్మ వేయమంటే ఏడో తరగతి అమ్మాయి పత్తి చేను, చెట్టు కింద పండుకున్న మనిషి, పక్కన పుర్రె గుర్తున్న మందు డబ్బా వేసింది. మా హెచ్‌ఎం సారు “రెండు రోజులు ఆర్ట్ థెరపీ ట్రైనింగ్ పోయొచ్చిండ్రు కదా, ఆ పిల్లను కూసోబెట్టి మాట్లాడండ్రి, వారానికో పీరియడ్ థెరపీకే పెడదాం” అంటున్నరు. నేను ఏం అడగొచ్చు, ఏం అడగొద్దు? మన పని ఎక్కడ ఆగాలె?

సమాధానం:

ముందు ఆ అమ్మాయి సంగతి చూద్దాం, పీరియడ్ సంగతి తర్వాత.

రేపు బడికి పోగానే క్లాస్ టీచర్‌ను పక్కకు పిలిచి, ఆ పిల్ల ఇంట్లో ఈ మధ్య ఏమైనా జరిగిందా, హాజరు ఎట్లుంది అని అడగండి. బొమ్మ చూపించకండి. చూపిస్తే మధ్యాహ్నానికి స్టాఫ్‌రూమ్ అంతా ఆ బొమ్మకు తలో అర్థం చెప్తుంది. ఇంటర్వెల్‌లో అమ్మాయిని వరండాలో కూర్చోబెట్టండి. నలుగురికీ కనిపించాలి, మాటలు మాత్రం ఎవరికీ వినపడొద్దు. తలుపు మూసిన గది వద్దు. షీట్ ఆమె చేతికే ఇచ్చి, “ఈ బొమ్మల ఏం జరుగుతుందో చెప్తవా బిడ్డా?” అని ఒక్కసారి అడిగి ఊరుకోండి. పది పదిహేను సెకన్లు మాట రాకపోయినా మీరు అందుకోవద్దు. ఆమె చెప్తే వినండి. చెప్పకపోతే “సరే, ఎప్పుడన్న చెప్పాలనిపిస్తే నేనిక్కడ్నే ఉంట” అని, పత్తికాయలు ఎట్ల వేసిందో, ఆకుపచ్చలో పసుపు ఎందుకు కలిపిందో మాట్లాడి పంపించేయండి. “ఈయన ఎవరు? సచ్చిపోయిండా? మీ ఇంట్ల ఎవరన్న మందు తాగిండ్రా?” అన్న ప్రశ్నలు మీ నోట రావొద్దు.

ఇంత తక్కువే అడగమనడానికి మొదటి కారణం, ఆ బొమ్మ మనకు చెప్పగలిగేది చాలా తక్కువ కావడం. పన్నెండేళ్ల పిల్లలు నిలబడ్డ మనిషిని ఓ మోస్తరుగా వేస్తారు. పండుకున్న మనిషి వాళ్ల చేతికి రాడు. అందుకని నిలబడ్డ మనిషినే అడ్డంగా తిప్పి వేస్తారు. కాళ్లు కట్టెల్లా బిగుసుకుంటాయి, చేతులు పక్కలకు చాచి ఉంటాయి, పాదాలు రెండూ ఒకే దిక్కు తిరుగుతాయి. కళ్లు తెరిచే ఉంటాయి, ఎందుకంటే కన్నంటే సున్నా చుట్టి లోపల చుక్క పెట్టడమని చేతికి అలవాటైపోయింది. మోకాలు మడవడం, చెయ్యి తలకింద పెట్టుకోవడం, ఒక కాలు ఇంకో కాలి మీద పడటం రావాలంటే ఒకదాని వెనక ఒకటి దాగే తీరు తెలియాలి. అది మీరింకా నేర్పలేదు. కాబట్టి సద్ది తిని వేపచెట్టు కింద కునుకు తీస్తున్న నాయిన కూడా కాగితం మీద శవంలాగే కనిపిస్తాడు.

మందు డబ్బా కూడా అంతే. పురుగుమందు డబ్బా మీద మూలమీద నిలబెట్టిన చతురస్రం ఉంటుంది. దాని కింది సగంలో రంగు, పై సగంలో హెచ్చరిక. ఎరుపు ఉన్నవాటికే పుర్రె, ఎముకల గుర్తు ఉంటుంది. ఆ తర్వాతి మెట్లు పసుపు, నీలం, ఆకుపచ్చ. మీ విద్యార్థిని ఆ చతురస్రాన్ని, కింది ఎరుపును సరిగ్గా వేసిందంటే డబ్బాను దగ్గరి నుంచి, శ్రద్ధగా చూసిందని అర్థం. పత్తి పండించే ఇంట్లో పిల్లలు ఆ డబ్బాను చూడకుండా పెరగరు. చేను బొమ్మలో నాగలి, బావి వేసినట్టే డబ్బా వేసి ఉండొచ్చు. వేరే ఏదైనా కూడా కావొచ్చు. బొమ్మ ఒక్కటి పట్టుకుని ఈ రెండింట్లో ఏదో తేల్చడం ఎవరివల్లా కాదు, ఎంత చదువుకున్న థెరపిస్టువల్లా కాదు.

‘నలుపు వేస్తే దిగులు, పెద్ద కళ్లు వేస్తే అనుమానం, చేతులు లేకపోతే నిస్సహాయత’ అన్న జాబితా ఒకటి ట్రైనింగుల్లో పంచుతుంటారు. మీకూ ఇచ్చి ఉంటే దాన్ని బీరువాలో పెట్టేయండి. 1967లో లోరెన్ చాప్‌మన్, జీన్ చాప్‌మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. మనుషుల బొమ్మలకు మానసిక లక్షణాల చీటీలను ఏ పొంతనా లేకుండా జతచేసి కాలేజీ విద్యార్థులకు చూపించారు. ఆ విద్యార్థులకు బొమ్మలు చదవడంలో ఏ శిక్షణా లేదు. అయినా అనుమానపు మనుషులు కళ్లను పెద్దగా వేశారని వాళ్లు ‘కనిపెట్టారు’. అనుభవమున్న సైకాలజిస్టులు చెప్పుకునే అర్థాలూ అవే. బొమ్మల్లో లేని సంబంధాన్ని చూసేవాళ్ల మనసే కల్పించిందన్నమాట. చదివినకొద్దీ ఈ జబ్బు తగ్గుతుందనుకుంటే పొరపాటు.

మన దిక్కు పిల్లల బొమ్మల్ని ఆ జాబితాతో చదివితే ఏమవుతుందో చూడండి. బోనాల తర్వాత తల తెగిన మేక, నెత్తురు, కొరడా పట్టుకుని కళ్లెర్రజేసిన పోతురాజు కాగితాల నిండా వస్తారు. అది హింస కాదు, పండుగ. మర్రిగూడ దిక్కు పిల్ల తాతను వంకర కాళ్లతో, వంగిపోయిన నడుముతో వేస్తే శరీరం మీద భయం అని రాసుకోకండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి అట్లయిన మనుషుల్ని ఆ పిల్ల రోజూ చూస్తోంది, చూసిందే వేసింది. పాలమూరు పల్లెల్లో ‘మా ఇల్లు’ బొమ్మలో అవ్వ, తాత, మేకలు ఉండి అమ్మానాయిన లేకపోతే వాళ్లు బొంబాయికో పూణెకో పనికి పోయి ఉంటారు. బెంగ ఉండొచ్చు, ఉంటుంది కూడా. కానీ ఆ బొమ్మ ముందు చెప్తున్నది ఇంట్లో ఎవరున్నారనే.

ఏదైనా అంటూ చెప్పగలిగితే ఒక్క బొమ్మ కాదు, అదే పిల్ల బొమ్మల్లో వచ్చిన మార్పు చెప్తుంది. అది కనిపించాలంటే ఈ రోజు నుంచే ప్రతి షీట్ వెనక పెన్సిల్‌తో రోల్ నంబర్, తేదీ, ఇచ్చిన అంశం రాయించండి, క్లాసుకో ఫైల్ పెట్టండి. జూన్‌లో షీట్ నిండా వేసిన పిల్ల అక్టోబరు నాటికి మూలకు బెత్తెడంత బొమ్మ వేసి ఆపేస్తే, ఏ అంశం ఇచ్చినా అదే దృశ్యం నాలుగైదు వారాలు వేస్తే, వేసినదాన్ని చిరిగేదాకా రుద్దేస్తుంటే, అప్పుడు క్లాస్ టీచర్‌తో మాట్లాడి మిగతా గుర్తులు చూడాలి. మధ్యాహ్నం అన్నం తింటోందా, క్లాసులో నిద్రపోతోందా, స్నేహితులు మారారా, ఒంటి మీద దెబ్బలున్నాయా? ఇన్ని కలిస్తేనే అది చెప్పదగ్గ విషయం. అప్పుడు కూడా మీరు చెప్పేది “మార్పు వచ్చింది” అని. “డిప్రెషన్ ఉంది” అనడం మన పని కాదు.

ఇక డ్రాయింగ్ పీరియడ్‌కూ థెరపీకీ తేడా. రెండింట్లో అవే క్రేయాన్లు, అదే కాగితం. బొమ్మ వేస్తుంటే పిల్లల మనసు తేలికపడటం రెండుచోట్లా జరుగుతుంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ‘ఆర్ట్ థెరపీ’ అన్న పేరు పెట్టింది కూడా డాక్టర్ కాదు, ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లండ్ చిత్రకారుడు. క్షయతో శానిటోరియంలో ఉండి బొమ్మలు వేసుకుంటూ 1942లో ఆ మాట వాడాడు. ఆ తర్వాత అది వేరే వృత్తి అయింది. అమెరికాలో 1969లో సంఘం ఏర్పడింది, ఇప్పుడక్కడ ఆ పని చేయాలంటే మాస్టర్స్ డిగ్రీ, దానితోపాటు పెద్దల పర్యవేక్షణలో కేసులు చూసిన అనుభవం కావాలి. బ్రిటన్‌లో రిజిస్టర్ కానివాళ్లు తమను ఆర్ట్ థెరపిస్ట్ అని పిలుచుకోవడమే చట్టవిరుద్ధం. ఇంట్లో ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించడానికీ, నరానికి సెలైన్ ఎక్కించడానికీ ఎంత తేడానో ఇక్కడా అంతే తేడా. లోపలికి పోయేది దాదాపు ఒకటే, కానీ రెండోదానికి సూది ఎక్కడ గుచ్చాలో, ఎంత వేగంతో పోవాలో, ఒళ్లు వణికితే ఏం చేయాలో తెలిసిన మనిషి పక్కనుండాలి.

థెరపిస్టు దగ్గర ఏముంటుందో చూస్తే మీ పీరియడ్‌లో ఏం లేదో తెలుస్తుంది. అక్కడ తల్లిదండ్రుల ఒప్పుకోలు, పిల్ల ఇష్టం రెండూ ముందే తీసుకుంటారు. ప్రతివారం అదే రోజు, అదే గంట, అదే గది, మధ్యలో ఎవరూ తలుపు తోయరు. నలభై ఐదు, యాభై నిమిషాల్లో చివరి పది నిమిషాలు లేచిన గుబులును మళ్లీ సర్దడానికే ఉంచుతారు. బొమ్మను లోపల పెట్టడం, చేతులు కడుక్కోవడం, బయటికి పోయాక ఏం చేస్తావని మాట్లాడటం అన్నీ అందులోకే వస్తాయి. బొమ్మకు మార్కుల్లేవు, గోడకు అంటించరు. థెరపిస్టు తన కేసుల్ని తనకన్నా పెద్దవాళ్లతో క్రమం తప్పకుండా చర్చిస్తారు. మీకేముంది? నలభై నిమిషాలు, యాభై మంది పిల్లలు, పక్క క్లాసు అరుపులు. ఒక పిల్లలో దాచుకున్నది కదిలించి ముప్పై ఎనిమిదో నిమిషంలో ఏడుపు తెప్పిస్తే నలభయ్యో నిమిషంలో గంట కొడతారు, లెక్కల సారు లోపలికొస్తాడు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుంటూ భిన్నాలు చేయాలి. సాయంత్రం ఆమె ఇంటికి పోయేది ఆ కదిలిన మనసుతోనే, అక్కడ ఎవరుంటారో మీకు తెలియదు. అందుకే గీత ఇక్కడ గీయమంటాను: బొమ్మను గురించి ఎంతైనా మాట్లాడండి, బొమ్మ వెనకున్న బతుకును తవ్వకండి. అది దానంతట అది బయటికొస్తే వినండి, రాసుకోండి, అదే రోజు చేర్చాల్సినవాళ్లకు చేర్చండి.

ఇప్పుడు మీరు అడిగిన ఆ ఒక్క మాటకు ఏం జవాబు రావచ్చో చూద్దాం.

ఎక్కువగా వచ్చేది ఇది: “మా నాయిన సార్. చేనుకు మందు కొట్టొచ్చి పండుకున్నడు.” ఊపిరి పీల్చుకోండి, కానీ పూర్తిగా కాదు. మందు కొట్టాక తల తిరగడం, చెమటలు పోయడం, నోట్లో నీళ్లూరడం, వాంతి, చూపు మసకబారడం వంటివి ఉంటే అది అలసట కాదు, మందు ఒంటికెక్కింది. ఇది మనసు విషయం కాదు కాబట్టి వివరం అడగడంలో తప్పు లేదు. పిల్ల “రోజు గట్లనే కక్కుతడు” అంటే ఆశా కార్యకర్తకు చెప్పండి. ఇప్పుడే అట్లుందంటే 108కి ఫోన్ చేయాలి. మామూలు అలసటే అయితే వచ్చేవారం క్లాసు మొత్తానికి పండుకున్న మనిషిని వేయడం నేర్పండి. ఒక పిల్లాడిని బెంచీ మీద పడుకోమని, తల ఎక్కడానింది, మోకాలు ఎంత ఎత్తుకొచ్చింది అని చూపిస్తే చాలు. ఆ పిల్ల బొమ్మను మాత్రం ఉదాహరణగా ఎత్తకండి.

రెండోది: “మా నాయిన సార్. పోయినేడు మందు తాగి సచ్చిపోయిండు.” ఇది ఊరంతా తెలిసిన విషయమై ఉండొచ్చు, మీకే తెలియకపోవచ్చు. ఇక్కడ చాలామంది రెండు రకాలుగా తడబడతారు. కొందరు భయపడి మాట మార్చేస్తారు. ఇంకొందరు ట్రైనింగ్ గుర్తొచ్చి “ఆ రోజు ఏం జరిగిందో వెయ్యి, మీ నాయినకు ఉత్తరం రాయి” అని మొదలుపెడతారు. రెండూ వద్దు. “అవునా బిడ్డా. మీ నాయిన్ను యాది చేసుకుని వేసినవన్నమాట” అని ఆమె మాటనే తిరిగి చెప్పి, పక్కన కాసేపు కూర్చోండి. ఏడిస్తే ఏడవనివ్వండి, నీళ్లివ్వండి, తర్వాతి పీరియడ్ సారుకు “కొంచెం ఆలస్యమైతది” అని చెప్పిరండి. తండ్రి పోయిన పిల్ల తండ్రి బొమ్మ వేయడం రోగం కాదు. ఆమె మళ్లీ వేస్తానంటే వేయనివ్వండి, మీరు మాత్రం వేయమని చెప్పకండి. ఏడాది దాటినా నిద్ర, తిండి, చదువు దెబ్బతిని ఉంటే అప్పుడు పంపించాల్సిన కేసు.

మూడోది బరువైనది: “మా అమ్మ రోజు అంటది, ఇది తాగి సస్తనని.” లేదా “నాకే సావాలనిపిస్తది సార్.” ఈ రెండో మాట వస్తే పైన చెప్పిన ‘ఒక్క ప్రశ్న’ నియమాన్ని పక్కన పెట్టండి. “సచ్చిపోవాలని నిజంగ అనిపిస్తుందా? ఎట్ల అని ఎప్పుడన్న అనుకున్నవా?” అని సూటిగా, మెల్లగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కర్లేదు. అడగకపోవడంవల్లే నష్టం. ఆ క్షణం నుంచి పిల్లను ఒంటరిగా వదలొద్దు, మూత్రశాలకు పోయినా ఒక టీచరమ్మ తోడుండాలి. హెచ్‌ఎంకు చెప్పి ఇంటివాళ్లను పిలిపించండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు, రాత్రింబవళ్లు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్లకు చెప్పే అన్ని మాటల్లోకి పనికొచ్చేది ఒకటుంది: ఇంట్లో ఉన్న మందు డబ్బాలన్నీ ఈ రాత్రికే బయటికి పోవాలి. అమ్మిన దుకాణంలోనో, తాళమున్న పక్కింటి కొట్టంలోనో పెట్టమనండి. చావాలన్న ఉద్రేకం చాలాసార్లు కొద్దిసేపే ఉంటుంది. ఆ కొద్దిసేపట్లో డబ్బా చేతికందకపోతే మనిషి మిగులుతాడు. చావుమాట తల్లిదైనా ఇదే పద్ధతి, ఆమెకు నమ్మకమున్న పెద్దమనిషి ద్వారా, పిల్ల చెప్పిందన్న మాట బయటపడకుండా.

ఇంకో దారి కూడా ఉంది. అడిగింది మందు డబ్బా గురించైనా, చెట్టు కింద మనిషి తనను ఏం చేశాడో పిల్ల చెప్పడం మొదలుపెట్టొచ్చు. అది లైంగిక వేధింపైతే పోక్సో చట్టం, 2012 వర్తిస్తుంది. విషయం తెలిసిన ఎవరైనా స్థానిక పోలీసులకో, జిల్లాలోని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో చెప్పి తీరాలని 19వ సెక్షన్ అంటుంది. హెచ్‌ఎంకు చెప్పడంతో మీ బాధ్యత తీరదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని సంస్థ బాధ్యుడు చెప్పకపోతే ఏడాది దాకా. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదు. పోలీసులు ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ సమితికి తెలపాలి. ఏం చేయాలో తోచకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఇక్కడ మీరు చేయకూడని పని వివరాలు రాబట్టడం. “మామ ముట్టుకున్నడా? ఎక్కడ?” అని మీరే పేర్లు, చోట్లు అందిస్తే పిల్ల తలూపుతుంది. రేపు ఆ మాట కోర్టులో నిలబడదు. పైగా పోలీసులు, డాక్టర్, మేజిస్ట్రేట్ ముందు ఆమె ఇదే మళ్లీ చెప్పాలి, మీరొక విడత పెంచొద్దు. “ఎవరికీ చెప్పను” అని మాటివ్వకండి. “నీకు సాయం చేయగలిగినోళ్లకు మాత్రమే చెప్తా” అనండి. ఆ వెంటనే పక్కకు పోయి తేదీ, సమయం, మీరు అడిగిన మాట, ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు, ఆమె యాసలోనే రాసి సంతకం పెట్టండి. ‘సస్త అన్నది’ని ‘ఆత్మహత్యా ధోరణి వ్యక్తం చేసింది’గా మార్చకండి. బొమ్మ మీద గీతలు, గుర్తులు పెట్టొద్దు, మళ్లీ వేసి చూపించమనొద్దు.

హెచ్‌ఎం గారి థెరపీ పీరియడ్ గురించి. ఒప్పుకోకండి, అయితే ఉత్త కాదని చెప్పి రాకండి. టైమ్‌టేబుల్‌లో ‘థెరపీ’ అని పడిన రోజు నుంచి అందులో కూర్చునే పిల్లలకు పేరు పడుతుంది, ‘పిచ్చి పీరియడ్’ అనడానికి ఎనిమిదో తరగతి పిల్లలకు వారం పట్టదు. దానికి బదులు ‘ఓపెన్ డ్రాయింగ్’ అని మధ్యాహ్న భోజనం తర్వాత ఇరవై ఐదు నిమిషాలు, ఎవరైనా రావచ్చు, అంశం ఉండదు, మార్కులుండవు, ఎవరి షీట్ వాళ్లే తీసుకుపోవచ్చు అని ప్రతిపాదించండి. కళలు-సాంస్కృతిక విద్య కింద ఇది ఇమిడిపోతుంది. పిల్లలకు మేలు జరిగే భాగమంతా అందులో ఉంది, ప్రమాదమున్న భాగం లేదు.

అంశాలు ఇచ్చేటప్పుడు కూడా గీత తెలియాలి. ‘నీ జీవితంలో బాధపడ్డ రోజు’, ‘నీకు భయమేసే మనిషి’, ‘నీ మనసు రంగు’ వంటివి థెరపిస్టు అడిగేవి. వాటికి వచ్చే జవాబుల్ని మోసే ఏర్పాటు మన దగ్గర లేదు. ‘మా నాయిన’ కూడా జాగ్రత్తగా వాడాల్సిన అంశం, ‘మా ఇంట్లో పెద్దవాళ్లలో ఒకరు’ అంటే ఎవరూ ఇరుక్కోరు. మీరిచ్చిన ‘మా చేను’లో తప్పేమీ లేదు. చేను చూసి వేయాల్సిన విషయం. అట్లే బస్‌స్టాండ్‌లో సాయంత్రం, కురుమూర్తి జాతరలో దుకాణం, పిల్లలమర్రి ఊడలు, మగ్గం గుంట లోపల కాళ్లు. ఇట్లాంటివి పిల్లల్ని చూడమంటాయి, చెప్పాలనుకున్నవాళ్లకు చోటూ ఇస్తాయి.

రంగులు, మట్టి కూడా ఇందులో భాగమే. ట్రైనింగుల్లో దీన్ని ఎక్కువగా చెప్పరు. తడి, జారుడు వస్తువులు మనసును వదులు చేస్తాయి. వేళ్లతో పూసే రంగు, నీళ్లెక్కువైన చెరువు మట్టి, పెద్ద తడికాగితం అట్లాంటివి. గట్టి వస్తువులు పట్టునిస్తాయి. పెన్సిల్, కలర్ పెన్సిల్, కత్తిరించి అంటించే కాగితం అట్లాంటివి. థెరపిస్టు వీటిని కావాలని మార్చుతూ పోతాడు. మీరు నైపుణ్యం కోసం ఇస్తారు, కానీ ప్రభావం మాత్రం ఊరికే పోదు. ఒక పిల్ల తడిరంగుతో కాగితమంతా ముంచేస్తూ, ఊపిరి వేగం పెరిగి, చుట్టూ ఎవరున్నారో మరిచిపోతుంటే చెయ్యి పట్టి ఆపకండి, పేరు పెట్టి గద్దించకండి. “ఇది ఆరనీయ్, అందాక ఇది చెయ్యి” అని పావు సైజు షీట్ ఒకటి, దానికి ముందే వేలెడు వెడల్పు బార్డర్ గీసి, నాలుగు క్రేయాన్లతో ఇవ్వండి. చిన్న కాగితం, గట్టి అంచు, తక్కువ రంగులు. చాలామంది ఐదు నిమిషాల్లో కుదురుకుంటారు. ఇది చికిత్స కాదు, క్లాసు నడిపే పని.

పంపించాల్సివస్తే ఎక్కడికి అన్నది చివరి ముడి. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నల్లగొండ మూడుచోట్లా ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీలున్నాయి, అక్కడి మానసిక వైద్య విభాగానికి పంపొచ్చు. పిల్లల ఆరోగ్య పరీక్షలకు బడికొచ్చే ఆర్‌బీఎస్‌కే బృందానికీ చెప్పొచ్చు. ప్రైవేటుగా ఎవరైనా ‘ఆర్ట్ థెరపిస్ట్’ అని బోర్డు పెట్టుకుంటే ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు, ఎవరి పర్యవేక్షణలో పనిచేశారు అని అడగండి. క్లినికల్ సైకాలజిస్ట్ అంటే భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, నిజమైనవాళ్లు చిన్నబుచ్చుకోరు. మీ ఉత్తరం నాలుగు వాక్యాలు దాటొద్దు: “ఏడో తరగతి విద్యార్థిని. ఆగస్టు నుంచి నాలుగు వేర్వేరు అంశాలకు ఒకే దృశ్యం వేసింది, షీట్లు జతచేశాను. క్లాస్ టీచర్ చెప్పినదాని ప్రకారం మధ్యాహ్న భోజనం మానేస్తోంది, గత నెల తొమ్మిది రోజులు రాలేదు. అడిగితే ‘మా అమ్మ సస్తనంటది’ అని చెప్పింది.” ఇందులో మీ అభిప్రాయం ఒక్క ముక్క లేదు. డాక్టరుకు కావలసింది ఇదే.

షీట్‌ను ఫొటో తీసి స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పెట్టారేమో చూసుకోండి, పెట్టి ఉంటే తీసేయించండి. ఎగ్జిబిషన్‌కు పంపొద్దు, ‘ఎంత భావం ఉందో’ అని ఎవరు మెచ్చుకున్నా సరే. మార్కులు మాత్రం వేయాల్సిందే, లేకపోతే తన బొమ్మలో ఏదో తప్పుందని పిల్లకు తెలిసిపోతుంది. చేను వరుసలు దూరం పోయేకొద్దీ దగ్గరపడ్డాయా, పత్తి తెలుపు విడిగా కనిపించడానికి చుట్టూ ముదురు రంగు వేసిందా అన్నవే చూసి మార్కు వేయండి. అమ్మాయి షీట్ అడిగితే ఇచ్చేయండి, అది ఆమెది. పోలీసుల దాకా పోయే విషయమైతే మాత్రం అసలు షీట్ కవర్‌లో పెట్టి, తేదీ వేసి, హెచ్‌ఎం బీరువాలో తాళం కింద ఉంచి, జిరాక్స్ ఆమెకివ్వండి. ఎందుకని అడిగితే నిజమే చెప్పండి.